కుప్పంలో ఉప్పుమళ్లు

ఆ రోజు పొద్దున ప్రేమకుమారి డబ్బా మూత తీసేసరికి లోపల సముద్రం లేదు.

మదనపల్లె మిషన్ ఆసుపత్రి వెనక రోడ్డులో ఒక పాత బంగళా ఉండేది. పందొమ్మిది వందల నలభై రెండులో మద్రాసు మీద బాంబులు పడతాయని జనం భయపడి, ఆఫీసులు లోపలి ఊళ్లకు తరలిపోయినప్పుడు సైన్యానికి చెందిన చిన్న ఫోటోల ఆఫీసు ఒకటి ఆ బంగళాలోకి వచ్చింది. ఆ భయం తగ్గి రెండేళ్లయినా ఆఫీసు మాత్రం అక్కడే ఉండిపోయింది. విమానాల నుంచి నేలను తీసిన ఫోటోలు బెంగుళూరు నుంచి డబ్బాల్లో వచ్చేవి. వాటిని చూసి, ఇది ఫలానా, అది ఫలానా అని గుర్తుపట్టి రాయడమే అక్కడి పని. ఆసుపత్రి నర్సు మార్తమ్మ కూతురు ప్రేమకుమారి మద్రాసులో బి.ఎ. చదివి, యుద్ధం కోసం పెట్టిన మహిళాదళంలో చేరి, శిక్షణ పొంది, చివరికి పుట్టిన ఊరికే పనికి వచ్చింది.

ఆ డబ్బా మీద 'బెంగాలు దిక్కు తీరం' అని చీటీ ఉంది. కొత్తగా చేరేవాళ్లకు పాఠం చెప్పడానికి ఆ ఫోటోలను పుస్తకంలో అతికించమని ఆమెకు పురమాయించారు. పక్కపక్కన తీసిన రెండు ఫోటోలను బల్ల మీద సర్ది, రెండు కటకాల స్టీరియోస్కోపును పైన నిలబెట్టి వంగి చూసింది. కాసేపటికి రెండు బొమ్మలూ ఒకటై, నేల లోతుగా, ఎత్తుగా లేచి వచ్చింది. గుండ్రాళ్ల గుట్ట ఒకటి. దాని పక్కను ఎవరో కత్తితో మెట్లుమెట్లుగా కోసినట్టుంది. ప్రతి మెట్టు కిందా నల్లటి నీడ. మెట్ల ముందు విసనకర్రలా పరుచుకున్న రాతిపొట్టు. అక్కడి నుంచి తెల్లటి బండిబాట వంకర్లు తిరుగుతూ రైలుకట్ట దాకా పోతోంది. అది రాళ్ల క్వారీ, సందేహం లేదు.

క్వారీకి కొంత దూరంలో, చెరువు కింద, దువ్వెన పళ్లలా సన్నటి గీతలు వరసలు కట్టి ఉన్నాయి. ఎండబెట్టిన పచ్చి ఇటుకల వరసలవి. వాటి పక్కన మట్టి తవ్విన గుంటలు, వాటిలో కొన్నిటిలో నీళ్లు. వాటి మధ్య నలుచదరంగా పేర్చిన మూడు బట్టీలు. ఒకదాని మీది నుంచి పొగ గాలివాటున సాగి నేల మీద నీడ పరిచింది. పొగ ఉందంటే మనుషులున్నారు. బట్టీ చుట్టూ చిన్న చిన్న గుడిసెలు కూడా కనబడుతున్నాయి.

తీరం చీటీ ఉన్న డబ్బాలో ఈ గుట్టెందుకు వచ్చిందని ఆమెకు మొదట ఆశ్చర్యమేసింది, అంతే. చీట్లు తారుమారై ఉంటాయనుకుంది. అయితే తీరం ఫోటోలు ఏ డబ్బాలోకి పోయి ఉంటాయి? వెతుకుతూ బీరువా తెరిచింది. అదే వారం వచ్చిన డబ్బా ఇంకొకటుంది. 'కుప్పం కొండలు' అని చీటీ. అందులోని ఫోటోలను బల్ల మీద పెట్టి చూసింది.

నలుచదరపు మళ్లు, గళ్ల చీర పరిచినట్టు. ఒక మూల పెద్ద మడి నల్లగా ఉంది, దాని పక్కవి బూడిద రంగు, ఆ తరువాతివి ఇంకా లేత, చివరివి కళ్లు చెదిరే తెలుపు. గట్ల మీద తెల్లటి కుప్పలు, ఒక్కొక్క కుప్పకూ చిన్న నీడ. ఉప్పునీరు ఒక మడి నుంచి ఇంకొక మడికి పారుతూ, ఎండకు చిక్కబడి, చివరి మడిలో ఉప్పుగా తేలుతుంది. మద్రాసు నుంచి ఎన్నూరు మీదుగా పోయే రైల్లో కూచుని ఆమె ఇలాంటి మళ్లను ఎన్నిసార్లు చూసిందో. మళ్లకు అవతల పాములా మెలికలు తిరిగిన ఉప్పుటేరు. ఏటి ఒడ్డున వంకరటింకర గట్లతో పెద్ద పెద్ద గుంటలు. ఒక్కొక్క గుంటకూ ఏటివైపు ఒక్కటే నోరు, ఆ నోటి దగ్గర వెదురు తడికెలు. పోటు వచ్చినప్పుడు నీళ్లతోపాటు రొయ్య పిల్లల్ని లోపలికి రానిచ్చి, పెరిగాక నీళ్లు వెనక్కి పోయే ఆటులో తడికెల దగ్గర పట్టుకునే రొయ్యల గుంటలు. బెంగాలు దిక్కున ఇవి సర్వసాధారణమని శిక్షణలో చెప్పారు.

కుప్పంలో ఉప్పుమళ్లా? సముద్రం ఎక్కడ, కుప్పం ఎక్కడ?

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, కుప్పం కొండల ఫోటోలు ఎందుకు తీశారో.

కెప్టెన్ ప్రసాదరావు గదిలోకి రెండు డబ్బాలూ పట్టుకుని పోయింది. ఆయన గుంటూరు మనిషి, యుద్ధానికి ముందు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేవాడు. నెమ్మదస్తుడు. ఆమె చెప్పిందంతా విని, వంగి, రెండు జతలూ తానే చూశాడు. తల ఎత్తి, సొరుగు లాగి ఒక కాగితం తీశాడు.

కుప్పం దగ్గర ఒక కొండ దగ్గర నిజం బాంబులతో విమానాల వాళ్లకు అభ్యాసం పెట్టాలని బెంగుళూరులో నిర్ణయించారు. ఆ చోటు ఖాళీగా ఉందో లేదో ఫోటోలు చూసి అక్కడి ఆఫీసరెవరో నివేదిక రాశాడు. ఆ నివేదిక నకలు ప్రసాదరావు దగ్గరుంది. 'పడావు పడిన మళ్లు, నీళ్లు నిలిచిన గుంటలు, నివాసాలు లేవు' అని ఉంది అందులో. తీరం ఫోటోను కుప్పం అనుకుని రాసిన మాటలవి. కుప్పంలో ఏముందో ఎవరూ చూడనేలేదు. కొండ వైపు పోవద్దని చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో దండోరా వేయించారు నిజమే. కానీ క్వారీ ఊరు కాదు. బట్టీ కూడా కాదు. ఎండాకాలం పనికి వచ్చి వానలకు వెళ్లిపోయే వాళ్లు ఏ గ్రామం లెక్కలోనూ లేరు.

"గురి ఎక్కడ పెట్టారు సార్?" అని అడిగింది ప్రేమకుమారి.

ఆయన మ్యాపు తీసి, ఎర్ర సిరా చుక్క ఎక్కడుందో చూసి, కొలబద్ద పెట్టి, ఆ చోటును నిజం ఫోటో మీద వెతికాడు. పెన్సిలు మొన ఆగిన చోట పొగ ఉంది.

"ఈ సాయంత్రమే," అన్నాడు. "పొద్దు వాలేటప్పుడు."

పోస్టాఫీసులో ట్రంకుకాలు అడిగారు. బెంగుళూరు లైను ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేమన్నారు. తంతి ఇచ్చారు. తంతి ఎవరి బల్ల మీద పడుతుందో, వాళ్లు ఎప్పుడు చదువుతారో దేవుడికెరుక. విమానాలను ఆపమని చెప్పే అధికారం ప్రసాదరావుకే ఉంది కనుక ఆయన టెలిఫోను దగ్గర నుంచి కదలడానికి లేదు. ఫోటో చూసి ఆ చోటు పట్టుకోగల మనిషి ఇంకొకరే ఉన్నారు. నేను వెళ్తాను సార్ అంది ప్రేమకుమారి.

జీపు నడిపేవాడు రెడ్డెప్ప. పలమనేరు దగ్గరి పల్లె అతనిది, మేకలు కాచుకునే ఇల్లు. బయలుదేరేటప్పుడు ఆమె ఎక్కడికో, ఎందుకో చెప్పింది. అతను తాళం తిప్పబోతూ ఆగాడు.

"చెరువు కింద బట్టీలా అమ్మా?"

అవునంది.

"మా అక్క ఆడనే ఉండాది. ఇటుకలు కోస్తాది." ఆ తరువాత పుంగనూరు వచ్చేదాకా అతను జీపు వేగం తగ్గించలేదు.

పుంగనూరు పొలిమేరలో టైరు పగిలింది. రెడ్డెప్ప దిగి, పళ్లు కొరుకుతూ చక్రం మార్చాడు. చేతులు జారి మర రెండుసార్లు దుమ్ములో పడింది. సంతకు పోయే బండ్లు ఆగి ఆగి చూసుకుంటూ పోతున్నాయి. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఒకటి దగ్గుతూ వాళ్లను దాటిపోయింది. ప్రేమకుమారి రోడ్డు పక్కన నిలబడి ఆకాశం వంక చూస్తోంది. డేగ ఒకటి తిరుగుతుంటే విమానమేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఇంత దాకా ఆమెకు ఆకాశమంటే పైనుంచి కిందికి చూసే చూపే. ఫోటోల్లో ప్రపంచమంతా మెత్తగా, మౌనంగా, వేలెడంత ఉండేది. కింద నిలబడి పైకి చూడడం ఎలా ఉంటుందో ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

పలమనేరులో పెట్రోలు కోసం ఆగాల్సి వచ్చింది. బంకువాడు కాగితం మీద సంతకం సరిగా లేదని పేచీ పెట్టాడు. రెడ్డెప్ప అతని చెయ్యి పట్టుకుని, పక్కకు తీసుకుపోయి, ఏదో చెప్పాడు. బంకువాడు మారుమాట లేకుండా వచ్చి పెట్రోలు పోశాడు.

వీకోట దాటాక పొద్దు పడమటికి బాగా దిగింది. జీపు నీడ ఎడమ పక్కకు పడి పొడుగవుతోంది. పొడుగు నీడల్లో గుట్టలూ గుంటలూ పైనుంచి చక్కగా తెలుస్తాయని, అందుకే బాంబు వేసేవాళ్లు ఆ వేళను ఎంచుకుంటారని ఆమెకు తెలుసు. తెలియకుండా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది. కుప్పం ఇంకా కనబడలేదు.

కొండకు పోయే అడ్డరోడ్డు మీద ఎర్రజెండా పట్టుకుని సిపాయి ఒకడు నిలబడి ఉన్నాడు. లోపలికి పోకూడదన్నాడు. కొండ దగ్గర మనుషులున్నారంటే నమ్మలేదు, లేరనే తనకు చెప్పారన్నాడు. అతని దగ్గర రేడియో లేదు, విమానాలతో మాట్లాడే దారి ఏదీ లేదు. ప్రేమకుమారి ఫోటో చూపించింది. అతను దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చాడు. రెడ్డెప్ప ఇక ఆగలేదు. జీపును రోడ్డు దించి, ముళ్లకంప మీదుగా పోనిచ్చాడు. సిపాయి వెనక నుంచి అరిచాడు గాని కాల్చలేదు.

తెల్లటి బండిబాట దొరికింది. ఫోటోలో ఉన్నట్టే వంకర్లు తిరిగింది. చివరి వంపులో క్వారీ, అదే మెట్లతో, ఒక్కొక్క మెట్టూ రెండు నిలువుల ఎత్తుతో లేచి నిలబడింది. మగవాళ్లు ఉలుల మీద సుత్తులు వేస్తున్నారు. ఆడవాళ్లు కంకర గంపలు మోస్తున్నారు. పిల్లలు రాతిపొట్టులో ఆడుకుంటున్నారు.

మేస్త్రీ తిమ్మప్ప నడివయసు మనిషి, రాతిదుమ్ముతో కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. విమానాలు, బాంబులు, నివేదిక అని ప్రేమకుమారి గబగబా చెబుతుంటే అతనికి సగమే అర్థమైంది. ఎవరు పంపించారు, కంట్రాక్టరు ఎందుకు రాలేదు అని అడగడం మొదలుపెట్టాడు. జనం చుట్టూ మూగారు గాని ఎవరూ కదలలేదు. ఒకామె నవ్వింది కూడా. అప్పుడు ప్రేమకుమారి కంటికి అతని నడుముకు వేలాడే కొమ్ము కనబడింది.

"రాయికి తూటా పెట్టి పేల్చేముందు అది ఊదుతారు కదూ?"

"అవునమ్మా."

"ఊదప్పా. తూటా పేలబోతోందనుకో. మాటలు తరువాత."

తిమ్మప్ప ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆ మొహంలో ఏం కనబడిందో, కొమ్ము నోటికి పెట్టి ఊదాడు. అంతే. నవ్విన ఆమెతో సహా అందరూ చేతుల్లోవి వదిలేసి, పిల్లల్ని చంకకెత్తుకుని గుట్ట అవతలి పక్కకు పరుగెత్తారు. ఏళ్ల తరబడి అలవాటైన పరుగు. ఎవరూ ఎందుకని అడగలేదు.

ప్రేమకుమారికి ఊపిరి ఆడింది. కానీ రెడ్డెప్ప చెరువు వైపు చూపించాడు.

బట్టీల దగ్గర ఎవరూ కదలలేదు. క్వారీ కొమ్ము వాళ్లు రోజూ వినేదే. అది క్వారీ వాళ్ల గొడవ. రాళ్లు అంత దూరం ఎగిరిపడవు. ఆడవాళ్లు వంగి అచ్చుల్లో మట్టి కొడుతూనే ఉన్నారు. పొగ నిదానంగా పైకి పోతోంది.

జీపు అటు పోవడానికి దారి లేదు, మధ్యలో మట్టి గుంటలు. ఇద్దరూ పరుగెత్తారు. ప్రేమకుమారి చెప్పులు బురదలో దిగబడిపోయాయి. గుంటల గట్ల మీద పడుతూ లేస్తూ పోతుంటే, తూర్పున కాదు, ఉత్తరాన కాదు, ఎటు నుంచో తెలియని మూలుగు ఒకటి వినిపించడం మొదలైంది. తేనెటీగలా, సన్నగా.

అక్కమ్మ తమ్ముణ్ణి యూనిఫారంలో చూసి, అచ్చు కింద పడేసి నిలబడింది.

"యాల వస్తివిరా? అమ్మకేమన్నా అయ్యిందా?"

రెడ్డెప్ప అక్క చెయ్యి పట్టి లాగాడు. రెండో చేత్తో పైకి చూపిస్తున్నాడు. ప్రేమకుమారి ఫోటోను అక్కమ్మ చేతిలో పెట్టి, వేలు పెట్టి చూపించింది. ఇదిగో చెరువు కట్ట. ఇదిగో మీరు ఆరబెట్టిన వరసలు. ఇదిగో పొగ. ఇది మీ గుడిసె.

అక్కమ్మ ఫోటో వంక చూసింది, చెరువుకట్ట వంక చూసింది, మళ్లీ ఫోటో వంక చూసింది. మట్టి చేతి గుర్తు దాని మీద పడింది.

"మమ్మల్నెవురు సూసినారు, పైనించి?"

"బాంబు వేసేవాళ్లు," అంది ప్రేమకుమారి. "ఇప్పుడు వస్తాండారు."

అక్కమ్మ ఫోటో వెనక్కి ఇచ్చేసింది. వెనక్కి తిరిగి, కడుపులోంచి వచ్చిన గొంతుతో కేక పెట్టింది. పేర్లు పెట్టి పిలిచింది, ఈశ్వరమ్మా, రామక్కా, సిద్ధమ్మా అని. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాలలోంచి బిడ్డను లాక్కుంది. బట్టీల వాళ్లంతా చెరువుకట్ట మీదుగా అవతలికి పడ్డారు. మూలుగు ఇప్పుడు గర్జనయింది. రెండింజన్ల విమానం ఒకటి, పొద్దుకు అడ్డంగా, నల్లగా, ఫోటోలో ఎప్పుడూ కనబడనంత పెద్దగా వస్తోంది.

బట్టీకి నిప్పు చూసే లక్ష్మయ్య మాత్రం రాలేదు. పొయ్యి నోళ్లు మూయకుండా వదిలేస్తే గాలి చొరబడి ఇటుకంతా పగిలిపోతుంది. అతను రెండు నోళ్లు మూసి మూడోదానికి మట్టి పూస్తున్నాడు. అందరూ పిలుస్తున్నారు. వస్తాండా, వస్తాండా అంటున్నాడు. ప్రేమకుమారి కట్ట చాటు నుంచి లేవబోయింది. రెడ్డెప్ప ఆమె భుజం పట్టి నేలకు అదిమాడు.

బాంబు కిందికి వచ్చే చప్పుడు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. గుడ్డ చించినట్టుంటుందని ఎవరో చెప్పగా విన్నది. అలా లేదు. తన పేరు ఎవరో దగ్గరకు వస్తూ వస్తూ పిలిచినట్టుంది. నేల ఒక్కసారి పైకి లేచి కింద పడింది. మళ్లీ. మళ్లీ. నోట్లో మట్టి, చెవుల్లో ఏమీ లేదు. ఎర్రటి ఇటుక ముక్కలు నిప్పుతో సహా చెరువులో పడి ఆవిరి లేపాయి. బిడ్డ నోరు తెరిచి ఏడుస్తోంది, ఏడుపు వినిపించడం లేదు. దూరాన రెండో విమానం కనబడింది. ప్రేమకుమారి కళ్లు మూసుకుని, చిన్నప్పుడు అమ్మ నేర్పిన ప్రార్థన మొదలుపెట్టి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. తరువాతి మాటలు ఎంతకీ గుర్తు రాలేదు.

రెండో విమానం వచ్చింది. పైన ఒక చుట్టు తిరిగింది. బాంబు వేయకుండా బెంగుళూరు వైపు పోయింది. ట్రంకుకాలు ఎట్టకేలకు దొరికిందనీ, రేడియోలో వెనక్కి పిలిచారనీ ఆమెకు మర్నాడు ప్రసాదరావు చెబితే తెలిసింది. ఆ క్షణంలో మాత్రం అది మళ్లీ తిరిగి వస్తుందనే అనుకుంది. పొద్దు పూర్తిగా కుంగేదాకా కట్ట చాటు నుంచి ఎవరూ లేవలేదు.

లక్ష్మయ్య పడిపోయిన బట్టీ అంచున, ఇటుకల కింద దొరికాడు. కాలు నలిగింది, వీపు కాలింది. కళ్లు తెరిచే ఉన్నాయి. తిమ్మప్ప మనుషులు రాళ్లు కదిలించే గడ్డపారలతో వచ్చి అతన్ని బయటికి తీశారు. జీపు వెనక పడుకోబెట్టి, ప్రేమకుమారి అతని తల ఒళ్లో పెట్టుకుని కూచుంది. మదనపల్లె దాకా అతని ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూసుకుంటూనే ఉంది. ప్రతి గతుకుకూ ఊపిరి ఆగిపోయిందనే అనుకుంది. ఆసుపత్రి వసారాలో మార్తమ్మ లాంతరు ఎత్తి, అతని మణికట్టు పట్టుకుని, నాడి ఉంది అన్నప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు.

అతను బతికాడు. కాలు మోకాలి దాకా తీసేశారు, వినికిడి పోయింది. చీట్లు ఎవరు మార్చారో విచారణలో తేలలేదు. అభ్యాసం వేరే జిల్లాకు మార్చారు. ప్రసాదరావు పదేపదే రాయగా లక్ష్మయ్యకు కొంత సాయం వచ్చింది.

వానలకు ముందు ఒక రోజు ప్రేమకుమారి రెడ్డెప్పతో కలిసి మళ్లీ కుప్పం వెళ్లింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ మండిపోతోంది. ఇటుకలు ఆరడానికి అంతకన్నా మంచి ఎండ దొరకదు. అయినా చెరువు కింద వరసలన్నీ చొప్పతో, ఈతాకులతో కప్పేసి ఉన్నాయి. గుడిసెల మీద పచ్చి కొమ్మలు నరికి వేశారు. బిడ్డ ఉయ్యాల మీద కూడా కొమ్మలే. బట్టీ ఒకటి మళ్లీ పేర్చారు గాని నిప్పు పెట్టలేదు.

ఎండలో ఆరాల్సిన ఇటుకలు ఇలా కప్పితే ఎలా అని రెడ్డెప్ప అక్కను అడిగాడు. అక్కమ్మ ప్రేమకుమారిని చెయ్యి పట్టి చింతచెట్టు కిందికి లాక్కుపోయి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు కనబడతాండామా అమ్మా?"

కప్పినా వరసలు వరసలే, వాటి నీడలు నీడలే. మట్టి గుంటలు ఎక్కడికీ పోవు. తెల్లటి బండిబాట మైళ్ల దూరం నుంచి దారి చూపిస్తుంది. ఇదంతా ప్రేమకుమారికి తెలుసు. అక్కమ్మ చెయ్యి ఆమె మణికట్టును వదలలేదు.

"నిప్పెప్పుడు పెడతారు?" అని మాత్రం అడిగింది.

"పెట్టాల," అంది అక్కమ్మ, చెట్టు నీడలోంచి బయటికి రాకుండా పైకి చూస్తూ. "పెట్టకుంటే యాడ బతికేది."